ఫాంటసీ నవలలు చదివేవాళ్లకు లోర్ నిండిన ఆర్‌పీజీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

లావుపాటి ఫాంటసీ నవలలు చదువుతాను, వెనక పేజీల్లో ఉండే వంశవృక్షాలు కూడా వదలను. గేముల్లో అలాంటి చదువు దొరుకుతుందా?

దొరుకుతుంది, కొన్ని చోట్ల నవలల కంటే ఎక్కువే దొరుకుతుంది. కాకపోతే గేమ్‌లో లోర్, అంటే ఆ లోకపు చరిత్రా పురాణాలూ, ఒకే రూపంలో ఉండదు, అది ముందే తెలిస్తే మీకు ఏది నచ్చుతుందో తేల్చుకోవడం తేలిక. డ్రాగన్ ఏజ్ లాంటి గేముల్లో కోడెక్స్ అని ఒక మెనూ ఉంటుంది. కొత్త చోటుకి వెళ్లినా, కొత్త రాక్షసుణ్ణి చూసినా, మూలనున్న విగ్రహాన్ని నొక్కినా అందులో ఒక వ్యాసం చేరుతుంది. ఎల్డర్ స్క్రోల్స్ గేముల్లో అయితే నిజంగా పుస్తకాలే ఉంటాయి, అరల్లో, బల్లల మీద, చచ్చినవాడి సంచిలో. తీసి పేజీలు తిప్పి చదవాలి. పిల్లర్స్ ఆఫ్ ఇటర్నిటీ రెండో భాగంలోనూ టిరనీలోనూ సంభాషణలోని ముఖ్యమైన పదం మీద కర్సర్ పెడితే చిన్న వివరణ వస్తుంది. ఎల్డెన్ రింగ్‌లో కత్తి కిందా ఉంగరం కిందా ఉండే నాలుగు వాక్యాల్లోనే సగం చరిత్ర దాచేశారు.

వీటిలో నవల చదివేవాళ్లకి బాగా పట్టేది రెండోది, అంటే లోకంలోనే పుస్తకాలుండే రకం. ఎందుకంటే అక్కడ చాలా పుస్తకాలకి ఆ లోకంలోనే ఒక రచయిత ఉంటాడు, ఆ రచయితకి ఒక పక్షం ఉంటుంది. ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

సరే, ఒక్క గేమ్ పేరు చెప్పండి. దేంతో మొదలుపెట్టాలి?

చదవడమే మీ మొదటి ఇష్టమైతే మోరోవిండ్. 2002లో బెథెస్డా తెచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ మూడో భాగం. గ్రాఫిక్స్ పాతవి, కొట్లాట ఇంకా పాతది, అయినా ఇదే చెబుతాను. చదవడంతో పాటు సాఫీగా ఆడుకోవడం కూడా కావాలంటే 2009 నాటి డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ తీసుకోండి, అందులో కథ మీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, కోడెక్స్ పక్కన ఉంటుంది. 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్ చాలా గొప్పది, కానీ అందులో చదువంతా సంభాషణల్లోనే ఉంటుంది, విడిగా తీరిగ్గా చదువుకునే పుస్తకాలు తక్కువ. అందుకే దాన్ని రెండోదిగానో మూడోదిగానో పెట్టుకోమంటాను.

మోరోవిండ్‌కి ముందు రెండు భాగాలూ ఆడక్కర్లేదు. కథ వార్డెన్‌ఫెల్ అనే ఒక్క దీవిలో జరుగుతుంది, మీరు ఖైదీగా ఓడ దిగిన పరాయి మనిషి, ఆ దేశం గురించి మీకెంత తెలియదో మీ పాత్రకీ అంతే తెలియదు.

మోరోవిండ్ మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న పురుగుని ఎంత కొట్టినా దెబ్బ తగలడం లేదు. గేమ్ పాడైపోయిందా?

పాడవలేదు, ఇది చాలామందిని మొదటి గంటలోనే తరిమేసే విషయం, అందుకే పుస్తకాల కంటే ముందు చెబుతున్నాను. కత్తి తెర మీద తగిలినట్టు కనిపించినా, లోపల పాచికలు వేసినట్టు ఒక లెక్క నడుస్తుంది. ఆ ఆయుధంలో మీ నైపుణ్యం, మీ చురుకుదనం, కొంచెం అదృష్టం, వీటన్నిటితో పాటు ఆకుపచ్చ రంగులో ఉండే అలసట గీత ఎంత నిండుగా ఉందన్నది కలిపి దెబ్బ తగిలిందా లేదా అని తేలుస్తుంది. పరిగెత్తితే ఆ గీత తగ్గిపోతుంది. దీవంతా పరుగెత్తుకుంటూ వచ్చి, అలసట సున్నాకి దగ్గర్లో ఉండగా, నైపుణ్యం లేని కత్తి పట్టుకుంటే పదిలో ఎనిమిది దెబ్బలు గాల్లోకే పోతాయి.

చేయాల్సింది ఇంతే. పాత్రని తయారుచేసేటప్పుడే ఒక ఆయుధాన్ని ముఖ్య నైపుణ్యాల్లో పెట్టండి (పొడవు కత్తులు తేలిగ్గా దొరుకుతాయి), ఆ రకం ఆయుధమే వాడండి, పోట్లాటకి ముందు కాసేపు ఆగి గీత నిండనివ్వండి. తర్వాత కూడా ఇబ్బందిగానే ఉంటే డిఫికల్టీ తగ్గించేయండి, అందులో తప్పేం లేదు. మీరొచ్చింది పుస్తకాల కోసం.

ఇందులో నిజంగా అంత చదవాలా? బాణం గుర్తు చూపించదా?

చూపించదు. ఎక్కడికి వెళ్లాలో మనుషులు మాటల్లో చెబుతారు, అది మీ జర్నల్‌లో రాసుంటుంది, దాన్ని చదివి దారి పట్టాలి. ఊళ్లో దక్షిణ ద్వారం దాటి, కోట దగ్గర తూర్పుకి తిరిగి, వంతెన దాటి, అలా సాగుతుంది. మొదట్లో బాల్మోరా అనే ఊళ్లో మీకు పనులు అప్పగించే కైయస్ మిమ్మల్ని ఒకాయన దగ్గరికి పంపిస్తాడు, ఆయన ఆర్క్‌ంగ్‌థాండ్ అనే శిథిలంలోంచి ఒక పజిల్ పెట్టె తెమ్మంటాడు. చాలామంది ఆ శిథిలం తలుపు దగ్గరే ఆగిపోతారు. తలుపుని నొక్కితే తెరుచుకోదు, దగ్గర్లో గొట్టానికి ఉన్న మరని తిప్పాలి. ఆ మాట కూడా ఆయన ముందే చెప్పి ఉంటాడు, కాబట్టి దారి తప్పినప్పుడల్లా జర్నల్ తెరిచి నింపాదిగా చదవండి.

ఆ తర్వాత కైయస్ మిమ్మల్ని వివెక్ అనే పెద్ద నగరానికి పంపుతాడు. అక్కడ ఒకతను తనని జొబాషా పుస్తకాల కొట్టుదాకా భద్రంగా చేర్చమంటాడు. ఆ దేశంలో మతాన్ని నడిపే సంస్థని గుడి అంటారు. ఆ గుడి గ్రంథాలయంలో ఉండే మెహ్రా మైలో అనే ఆమె, గుడి నిషేధించిన ప్రోగ్రెస్ ఆఫ్ ట్రూత్ అనే పుస్తకం సంపాదించి కైయస్‌కి ఇవ్వమంటుంది. లోకాన్ని కాపాడే ముఖ్యకథలో ఒక మెట్టు నిషేధిత పుస్తకం సంపాదించడం! ఆ పుస్తకాన్ని అలాగే తీసుకెళ్లి ఇచ్చేయకండి, దారిలోనే చదవండి. గుడి చెప్పేదానికీ, గుడితో విభేదించి విడిపోయిన పూజారులు చెప్పేదానికీ తేడాలు అందులో వరసగా ఉంటాయి. గుడి తన దగ్గర కొన్ని రాతలు దాచిపెట్టిందన్న ఆరోపణ కూడా ఉంటుంది. కింద చెప్పబోయేదంతా ఆ దాచిన రాతల చుట్టూ తిరుగుతుంది.

ఒకే సంగతి నాలుగు పుస్తకాల్లో నాలుగు రకాలుగా ఉంది. రచయితలు గందరగోళపడ్డారా?

లేదు, కావాలనే అలా రాశారు. మోరోవిండ్‌ని ఈ పేజీలో ముందు పెట్టడానికి ఇదే కారణం. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. కథ సగంలో తెలిసే విషయాలు వస్తాయి కాబట్టి ఏమీ తెలియకుండా ఆడాలనుకునేవాళ్లు ఈ ప్రశ్ననీ తర్వాతి రెండింటినీ వదిలేసి, కోడెక్స్ ప్రశ్న దగ్గరికి వెళ్లండి.

సంఘటన ఇది. చాలా కాలం కిందట రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం దగ్గర యుద్ధం జరిగింది. ఒక పక్క నెరెవర్ అనే నాయకుడు, ఆయన సలహాదారులు అల్మలెక్సియా, సోథా సిల్, వివెక్. రెండో పక్క భూమి కింద యంత్రాలతో బతికే డ్వెమర్లు. యుద్ధం ముగిసేసరికి డ్వెమర్ జాతి మొత్తం మాయమైపోయింది, నెరెవర్ చనిపోయాడు, ఆ సలహాదారులు ముగ్గురూ కొంతకాలానికి దేవుళ్లయ్యారు. మీరు ఆడే కాలానికి ఆ ముగ్గురికే గుళ్లున్నాయి, పండగలున్నాయి, వివెక్ పేరు మీద నగరమే ఉంది. ప్రశ్న ఒక్కటే, నెరెవర్ ఎలా చనిపోయాడు?

మొదట మీకు దొరికేది లైవ్స్ ఆఫ్ ది సెయింట్స్. గుడిలో భక్తులకి ఇచ్చే రకం చిన్న పుస్తకం. అందులో నెరెవర్ ఒక సాధువు, యోధులకీ పాలకులకీ రక్షకుడు. దుష్టులైన డ్వెమర్ల మీదా, ద్రోహం చేసిన డాగోథ్ వంశం మీదా తన జనాన్ని గెలుపుకి నడిపిస్తూ రెడ్ మౌంటెన్ దగ్గర అమరుడయ్యాడు. అక్కడితో సరి, ఇంకేం ఉండదు.

రెండోది నెరెవర్ మూన్ అండ్ స్టార్. బూడిద మైదానాల్లో గుడారాల్లో బతికే ఆష్‌ల్యాండర్ తెగల నోటికథ. ఇందులో నెరెవర్ తెగల పద్ధతుల్ని గౌరవిస్తానని తన ఉంగరం మీద ప్రమాణం చేస్తాడు, అందుకే తెగలన్నీ ఆయన వెంట యుద్ధానికి వెళ్తాయి. గెలిచాక, అధికారం మీద ఆశతో పెద్ద వంశాల నాయకులు ఆయన్ని రహస్యంగా చంపి, తామే దేవుళ్లమని చెప్పుకుని, తెగలకిచ్చిన మాట మర్చిపోయారు. నెరెవర్ మళ్లీ పుడతాడు, ఆ దొంగ దేవుళ్లని కూలదోస్తాడు అన్నది వాళ్ల నమ్మకం.

మూడోది నెరెవర్ ఎట్ రెడ్ మౌంటెన్. ఇది గుడి దాచిన రాతల్లో ఒకటి. దీని మొదటి పేరా దగ్గర ఆగండి. ఇది ఆష్‌ల్యాండర్ల సంప్రదాయాన్ని పండితుడొకరు తిరిగి రాసినది అని చెబుతుంది, ఆ కథ నెరెవర్ వెంట డాలు పట్టి నడిచి, ఆయన చనిపోయాక తెగల్లో కలిసిపోయిన అలాండ్రో సుల్ అనే సహచరుడి నుంచి వచ్చిందని తెగలు నమ్ముతాయని చెబుతుంది, గుడి దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తుందనీ చెబుతుంది. తర్వాత కథలో హత్య ఎలా జరిగిందో వివరంగా ఉంటుంది. అజురా దేవతని పిలిచే పూజకి నెరెవర్ సిద్ధమవుతుంటే అల్మలెక్సియా విషం పెట్టిన కొవ్వొత్తులు, సోథా సిల్ విషం పట్టించిన వస్త్రాలు, వివెక్ విషపు మంత్రాలు వాడారు.

నాలుగోది ది బ్యాటిల్ ఆఫ్ రెడ్ మౌంటెన్. ఇది వివెక్ స్వయంగా చెప్పిన మాటలు. ఇందులో హత్య లేదు. యుద్ధంలో తగిలిన గాయాలతోనే నెరెవర్ పోయాడు. అజురా ముందు ఆ ముగ్గురూ డ్వెమర్ల శక్తిమంతమైన పనిముట్లని ఎప్పుడూ ముట్టుకోబోమని నెరెవర్‌కి ప్రమాణం చేశారు, కొన్నేళ్లకి ఆ ప్రమాణం తప్పి, వాటితోనే దేవుళ్లయ్యారు, అజురా వచ్చి శపించింది. అంటే మాట తప్పామని వివెక్ ఒప్పుకుంటాడు, చంపామని మాత్రం ఒప్పుకోడు.

ఈ నాలుగోదాన్ని చాలామంది ఆ రోజు అక్కడున్న మనిషి సాక్ష్యం కాబట్టి ఇదే అసలు అని తీసుకుంటారు. దాని మొదటి పేరా కూడా చదవండి. ఆష్‌ల్యాండర్ల కథ పట్టుకుని వివెక్‌ని నిలదీసిన ఒక పూజారికి, ఆ పూజారిని ప్రశ్నించడానికి కూర్చున్న విచారణాధికారుల ముందు, వివెక్ చెప్పిన జవాబు అది. గదిలో ఎవరున్నారో చూడండి. ఎదురుగా బందీగా ఉన్న పూజారి, పక్కన తన గుడి అధికారులు, అడుగుతున్నది తన మీదున్న హత్యారోపణ. పైగా చాలా కాలం కిందటి సంగతులు స్పష్టంగా ఎవరికి గుర్తుంటాయి అంటూ మొదలుపెడతాడు. కోర్టులో అలా మొదలుపెట్టే సాక్షిని మీరు ఎంత నమ్ముతారో ఇక్కడా అంతే నమ్మండి.

మరి ఆ వివెక్ రాసిన ముప్పై ఆరు పాఠాలు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. వదిలేయొచ్చా?

మొదటిసారి ఆడేటప్పుడు వదిలేయండి, కానీ అమ్మేయకండి. థర్టీసిక్స్ లెసన్స్ ఆఫ్ వివెక్ అని 36 చిన్న పుస్తకాలు దీవంతా చెల్లాచెదురుగా ఉంటాయి. వాటిలో చాలావాటికి తెరవగానే ఏదో ఒక నైపుణ్యం ఒక మెట్టు పెరుగుతుంది కాబట్టి ఆటగాళ్లు తెరిచి, చదవకుండా మూసి, కొట్లో అమ్మేస్తారు. అందులో ఉన్నది వివెక్ తన పుట్టుక గురించీ తన దైవత్వం గురించీ తానే రాసుకున్న పురాణం, వింత ఉపమానాలతో నిండి ఉంటుంది. పైకి చూస్తే పొగడ్తే.

కానీ చివరి పాఠంలో ప్రతి పేరా మొదటి అక్షరం వరసగా తీసి రాస్తే FOUL MURDER అని వస్తుంది, అంటే ఘోరమైన హత్య. అంతటితో అయిపోలేదు. 29వ పాఠంలో అంకెల గురించి ఒక జాబితా ఉంటుంది, ఒక్కో అంకెకి ఒక అర్థం, దాని చివర మరో సంఖ్య. మొదటిది పాఠం నంబరు, రెండోది ఆ పాఠంలో ఎన్నో పదం అన్నది. అలా ఒక్కో పాఠంలోంచి ఒక్కో పదం ఏరుకుంటూ వెళ్తే వాక్యాలు తయారవుతాయి. వాటి సారాంశం ఇది: అతను దేవుడిగా పుట్టలేదు, విధి అతన్ని ఈ నేరానికి నడిపించలేదు, తన ఇష్టంతోనే ఈ దారి ఎంచుకున్నాడు, దైవత్వాన్ని దొంగిలించి హోర్టేటర్‌ని చంపాడు, ఇది రాసింది వివెక్. హోర్టేటర్ అన్నది నెరెవర్ బిరుదు.

అధికారుల ముందు కాదన్న మాటని అదే మనిషి తన పవిత్ర గ్రంథంలో దాచి ఒప్పుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఫాంటసీలో ఇంత బాగా రాసిన ఒప్పుకోలు నేను చదవలేదు, అది ఎవరూ తెరవకపోయినా పర్వాలేదన్నట్టు అరలో పెట్టేసిన పుస్తకంలో ఉంది.

ఈ లెక్క మీరే చేయాలనుకుంటే ఒక్క జాగ్రత్త. పదాలు లెక్కపెట్టే పని ఇంగ్లీషు మూలంలోనే కుదురుతుంది. మోడ్, అంటే అభిమానులు చేసిన మార్పుల ఫైలు, వేసి వచనం మార్చిన గేమ్‌లో లెక్క తప్పుతుంది. ఒక వాక్యంలో పదం పొంతన లేకుండా వస్తే మీ లెక్క ఒకటి అటో ఇటో జరిగిందని అర్థం, ఆ పాఠం ఒక్కటీ మళ్లీ లెక్కపెట్టండి.

అయితే హత్యే నిజమా? గేమ్ చివర్లో తేలుస్తుందా?

గేమ్ మీకు తీర్పు రాసి ఇవ్వదు. హత్య జరిగిందనే వైపే ఎక్కువ బరువుందని నా అభిప్రాయం, ఆ దాచిన వాక్యాల తర్వాత వేరేగా అనుకోవడం కష్టం. అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంటుంది. ఆష్‌ల్యాండర్ల కథకి కూడా ఒక పక్షం ఉంది, పెద్ద వంశాలు తమని మోసం చేశాయన్న కోపం అందులో ఉంది, అది తరతరాలుగా నోట నడిచింది. ఇక వివెక్ తన మీద తాను వేసుకున్న నేరంలో ఎంత పశ్చాత్తాపమో, ఎంత గొప్పతనం చూపించుకోవడమో చెప్పలేం. డ్వెమర్లు ఏమయ్యారన్నదైతే నాలుగు పుస్తకాలూ కలిపి చదివినా తేలదు. ఈ గేమ్ లోర్ గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా జనం వాదించుకుంటున్నారంటే ఇందుకే.

కోడెక్స్ ఉన్న గేముల్లో వ్యాసాలు వందల్లో పోగవుతున్నాయి. అన్నీ చదవాలా, ఎప్పుడు చదవాలి?

అన్నీ చదవక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టు చదవక్కర్లేదు. కోడెక్స్ చదివేవాళ్లు విసిగిపోయేది ఎక్కువగా ఒకే కారణానికి. కత్తి దూసి పరిగెడుతుండగా మూలన మెరుపు వస్తుంది, ఆగి చదువుతారు, తిరిగి వచ్చేసరికి ఎవరితో కొట్లాడుతున్నామో మర్చిపోతారు. ఒక ప్రాంతం పూర్తయ్యాక, విడిదికి తిరిగొచ్చాక, ఆ ప్రాంతంలో చేరినవన్నీ ఒకేసారి చదవండి. అప్పటికి ఆ పేర్లకి మొహాలుంటాయి, వాక్యాలు తలకెక్కుతాయి.

చదివేటప్పుడు ముందు ఎవరు రాశారో చూడండి. డ్రాగన్ ఏజ్‌లో ఇది చాలా ముఖ్యం. ఆరిజిన్స్ కోడెక్స్‌లో చాలా వ్యాసాలు బ్రదర్ జెనిటివి అనే పండితుడి పేరు మీద ఉంటాయి. ఆయన చాంట్రీ మనిషి, అంటే అక్కడి ప్రధాన మతం చదివించిన మనిషి. ఎల్ఫుల గురించి ఆయన పక్షం రాసేది ఒకటి, డేలిష్ ఎల్ఫులు తమ గురించి చెప్పుకునేది ఇంకొకటి. ఎల్ఫుల రాజ్యం డేల్స్ ఎందుకు కూలిపోయిందన్న దానికి చాంట్రీ వ్యాసం ఎల్ఫులు ఒక ఊరి మీద దాడి చేయడం కారణమంటుంది, ఎల్ఫుల కథ చాంట్రీ ముందు బోధకుల్ని, తర్వాత సైనికుల్ని పంపిందంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే దానికి రుచి. తమాషా ఏమిటంటే ఆ జెనిటివి ఉత్త పేరు కాదు, కథలో ఆయన్ని వెతుక్కుంటూ డెనెరిమ్ నగరంలో ఆయన ఇంటికే వెళ్తారు. అప్పటికి ఆయన వ్యాసాలు చదివి ఉంటే ఆ వెతుకులాట మీకు వేరేగా ఉంటుంది.

పూర్తిగా వదిలేయగలిగేవి కూడా ఉన్నాయి. 2015 నాటి పిల్లర్స్ ఆఫ్ ఇటర్నిటీ మొదటి భాగంలో కొందరి పేర్లు బంగారు రంగు పలకలో కనిపిస్తాయి. వాళ్లని తాకితే వాళ్ల ఆత్మ గతం గురించి పొడుగాటి పేరాలు వస్తాయి. అవి గేమ్ తయారీకి ముందే డబ్బిచ్చిన అభిమానుల కోసం పెట్టిన పాత్రలు, వాటికీ కథకీ సంబంధం లేదు. కొత్తవాళ్లు ఇది తెలియక ఊళ్లోకి అడుగుపెట్టగానే వరసగా పదిమందివి చదివి, ఈ గేమ్ రాత ఇంత అతుకులబొంతగా ఉందేమిటని మానేస్తారు. బంగారు పేరు కనిపిస్తే దాటి వెళ్లిపోండి. మిగతా రాత చాలా బాగుంటుంది.

చదివినందుకు ఆటలో ఏమైనా కలిసొస్తుందా?

కొన్ని చోట్ల నేరుగా కలిసొస్తుంది. ఆరిజిన్స్‌లో మాంత్రికుల గోపురం కింది అంతస్తు గ్రంథాలయంలో ఆవాహన చేసే మెట్లు కోడెక్స్‌లో ఉంటాయి, ఏ వస్తువు తర్వాత ఏది ముట్టుకోవాలో అక్కడ చదివి ఆ వరసలోనే చేస్తే ఆత్మలు వస్తాయి. వరస తప్పితే ఏమీ జరగదు, మొదటి నుంచి చేయాలి. అదే గేమ్‌లో పవిత్ర భస్మం ఉన్న గుడిలో వరసగా ఆత్మలు నిలబడి పొడుపుకథలు అడుగుతాయి, తప్పు చెబితే కొట్లాట. వాళ్లంతా ఆండ్రాస్టే అనే ప్రవక్త జీవితంలోని మనుషులు. మాఫెరాత్ ఆమె భర్త, ఆమె కీర్తి చూసి ఓర్వలేక శత్రువులకి పట్టించాడని కోడెక్స్‌లో చదివినవాళ్లకి అతని పొడుపుకథకి అసూయ అన్న జవాబు వెంటనే తడుతుంది.

మోరోవిండ్‌లో నైపుణ్యం పెంచే పుస్తకాల సంగతి పైన చెప్పాను. ఒక్కో పేరుకి ఒక్కసారే పెరుగుతుంది, రెండో ప్రతి తెరిచినా పెరగదు.

పుస్తకాలు ఎవరి ఇంట్లోనో ఉన్నాయి. చదివితే దొంగతనం అవుతుందా?

చదివితే అవదు, తీసుకుంటే అవుతుంది. మోరోవిండ్‌లో పుస్తకాన్ని నొక్కగానే ముందు తెరుచుకుంటుంది, తీసుకోవడానికి విడిగా మీట ఉంటుంది. యజమాని పక్కన నిలబడి చూస్తున్నా అక్కడే చదివి మూసేయొచ్చు. తెరిచి ఉన్నంతసేపూ ఆట ఆగిపోతుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, వెనక నుంచి ఎవరూ పొడవరు. జొబాషా కొట్లో ఒక సాయంత్రం గడపండి, పైసా ఖర్చు లేకుండా చాలా చదవొచ్చు.

అక్షరాలు చీమల్లా ఉన్నాయి, కళ్లు లాగుతున్నాయి. ఏం చేయాలి?

పాత గేములన్నిటిలో ఇదే బాధ, ఇప్పటి పెద్ద రిజల్యూషన్ తెరల మీద మరీ ఎక్కువ. మోరోవిండ్‌కి ఓపెన్‌ఎండబ్ల్యూ అని అభిమానులు తయారుచేసిన ఉచిత ఇంజిన్ ఉంది, అసలు గేమ్ మీ దగ్గరుంటే దాని ఫైళ్లని ఇందులో నడపొచ్చు. దాని settings.cfg ఫైల్లో ఈ రెండు వరసలు పెడితే మెనూలూ పుస్తకాలూ అన్నీ పెద్దవవుతాయి.

```
[GUI]
scaling factor = 1.5
```

1.5తో చూసి, చాలకపోతే 2 పెట్టండి. ఎక్కువ పెడితే కిటికీలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అలా జరిగితే కొంచెం తగ్గించండి. ఫైల్లో [GUI] అన్న వరస ముందే ఉంటే మళ్లీ రాయకుండా దాని కిందే రెండో వరస చేర్చండి. గేమ్ మూసి ఉన్నప్పుడు మార్చండి, లేదంటే మూసేటప్పుడు మీ మార్పు చెరిగిపోవచ్చు. ప్లేన్‌స్కేప్‌కైతే 2017లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ తీసుకోండి, పాతదాని కంటే చదవడానికి చాలా నయం.

ఈ పుస్తకాలన్నీ నెట్‌లో ఉన్నాయి కదా, గేమ్ లేకుండా అక్కడే చదివేస్తే?

చదవొచ్చు, ఇంపీరియల్ లైబ్రరీ లాంటి సైట్లలో ఎల్డర్ స్క్రోల్స్ పుస్తకాలు దాదాపు అన్నీ పొందికగా పెట్టారు. గేమ్ పూర్తయ్యాక, ఎక్కడో చూసి మర్చిపోయిన పుస్తకం మళ్లీ చదవడానికి దానికి సాటి లేదు. మొదటిసారికి మాత్రం వద్దంటాను. సాధువుల పుస్తకం గుళ్లో చదివి, తెగల కథ గుడారాల్లో విని, దాచిన రాతలు కష్టపడి సంపాదించి చదివితే ఒక్కోటి ముందుదాన్ని కొంచెం కొంచెం కదిలిస్తుంది. సైట్లో అవి ఒకే పేజీలో పక్కపక్కన లింకులుగా ఉంటాయి, పైన ఎవరో రాసిన సారాంశం కూడా ఉంటుంది, దాంతో మీరు తేల్చుకోవాల్సింది ముందే తేలిపోతుంది. ముఖ్యంగా పాత్రల పేర్లు వికీలో వెతకకండి, మొదటి వాక్యంలోనే వాళ్లు చివరికి ఏమవుతారో రాసి ఉంటుంది.

మోరోవిండ్ అయిపోయింది. తర్వాత ఏది?

సాక్ష్యాల మధ్య పొంతన కుదరకపోవడమే మీకు నచ్చి ఉంటే ఆరిజిన్స్ ఆడి, ఆ తర్వాత 2014 నాటి ఇన్‌క్విజిషన్‌కి వెళ్లండి. ఎల్ఫుల పురాణాల గురించి మొదటి గేమ్‌లో చదివినవి అక్కడ ఒక్కొక్కటే తలకిందులవుతాయి, చివర్లో వచ్చే ట్రెస్‌పాసర్ విస్తరణ దాకా ఆడితేనే ఆ దారం ఎటు పోతుందో తెలుస్తుంది. అది వదిలేస్తే కథ సగంలో ఆగినట్టే. దేవుళ్ల మీద ప్రశ్నలు వేయడం నచ్చి ఉంటే పిల్లర్స్ రెండు భాగాలూ వరసగా ఆడండి, రెండోది 2018లో వచ్చింది, మొదటిదాని ముగింపు మీదే నిలబడి ఉంటుంది కాబట్టి తిరగేసి ఆడొద్దు. పొడుగు గేములకి తీరిక లేకపోతే టిరనీ, 2016లో వచ్చింది. అందులో దుష్టశక్తి ముందే గెలిచేసింది, మీరు దాని కింద పనిచేసే న్యాయాధికారి. ఆట మొదలవకముందే దండయాత్ర ఎలా సాగిందో మీరే ఎంచుకుంటారు, ఆ ఎంపికల్ని బట్టి తర్వాత జనం మీ గురించి చెప్పుకునే చరిత్ర మారుతుంది. ఎంచుకునే ముందు ఆ తెరల మీదున్న పేర్ల మీద కర్సర్ పెట్టి వివరణలన్నీ చదవండి, అక్కడ తొందరపడితే ఎవరి ఊరు తగలబెట్టారో తెలియకుండానే తగలబెట్టేస్తారు.